డిక్కీలో స్టెప్నీకి గాలి ఉందా?

రాత్రి సూర్యాపేట దాటాక టైరు పంక్చర్ అయిందనుకోండి. స్టెప్నీ దించితే అదీ మెత్తగా ఉంటుంది. వాడకపోయినా టైరులోంచి గాలి మెల్లగా తగ్గుతూనే ఉంటుంది. అందుకే నెలకోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు, అయిదు టైర్లకూ గాలి చూపించాలి. ఎంత ఉండాలన్నది సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. 33 ఉండాల్సిన స్టెప్నీలో 18 ఉంటే గాలి నింపి, వారం తర్వాత మళ్లీ చూడండి. అప్పటికే తగ్గితే వాల్వు లీకో, సన్నని పంక్చరో ఉన్నట్టే.

స్టెప్నీ పాతబడటం కంటికి తెలియదు. టైరు పక్కన చివరి నాలుగంకెలు 2319 అని ఉంటే, అది 2019లో 23వ వారం తయారైంది.

అసలు చిక్కు నట్ల దగ్గర. షాపులో గాలి మిషనుతో బిగించిన నట్లు బండితో వచ్చిన పొట్టి స్పానరుకు కదలకపోవచ్చు. ఇంటి దగ్గరే, చక్రం నేల మీద ఉండగా, ఒక్కో నట్టునూ కాస్త వదులు చేసి తిరిగి గట్టిగా బిగించి చూడండి. కదలకపోతే పొడవు పిడి స్పానరు కొనాల్సిందే. జాకీ మరకు గ్రీజు రాయండి.

టార్చిలైటులో బ్యాటరీలు వదిలేస్తే కారి, లోపల తుప్పు పడుతుంది. విడిగా పెట్టండి. తలకు కట్టుకునే లైటయితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

మూసిన కారు ఎండకు ప్రథమ చికిత్స పెట్టెలోని ప్లాస్టర్ల జిగురు పోతుంది. వేసవి ముగిశాక ఒకటి అంటించి చూడండి, మందుల గడువు తేదీలూ చదవండి.