42 వేలలో షార్ట్ ఫిల్మ్: ఫోన్ మన దగ్గరే ఉంది, మరి డబ్బులు ఎక్కడ ఖర్చయ్యాయి?

ఫోన్ కెమెరాలు ఇంత బాగా వచ్చాక షార్ట్ ఫిల్మ్ తీయడానికి పెద్దగా ఖర్చు ఉండదని చాలామంది అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. నరసరావుపేటలో ఆరుగురు ఫ్రెండ్స్ తలా 7 వేలు వేసుకుంటే 42 వేలు అయింది. కథ పది నిమిషాలది. మిర్చి కళ్లంలో కాపలా ఉండే తండ్రి, హైదరాబాద్ నుంచి వచ్చిన కొడుకు, మధ్యలో ఒక తల్లి. లొకేషన్లు రెండే: నరసరావుపేటలో ఒక ఇల్లు, గురజాల వైపు ఒక కళ్లం. షూటింగ్ రెండు రోజులు, ఆర్టిస్టులతో కలిపి మొత్తం తొమ్మిది మంది.

ఇవి మా లెక్కలు. మీ ఊళ్లో రేట్లు వేరుగా ఉండొచ్చు. కానీ ఏ ఖర్చును ఏ గంపలో వేయాలన్నది మాత్రం ఎక్కడైనా ఒకటే.

ప్రీ ప్రొడక్షన్: 4,000

స్క్రిప్ట్ జిరాక్సులకు 300, లొకేషన్లు చూడటానికి బైక్ పెట్రోల్ 700, బట్టలు, సామాన్లకు 1,500, ఇల్లు ఇచ్చినవాళ్లకు 1,000, రెండు రిహార్సల్స్‌కి టీ టిఫిన్లు 500.

ఈ గంపలో డబ్బు తక్కువే, కానీ తర్వాత వచ్చే ఖర్చంతా ఇక్కడే డిసైడ్ అవుతుంది. మొదటి స్క్రిప్ట్‌లో మాచర్ల దగ్గర ఎత్తిపోతల జలపాతం వద్ద ఒక సీన్ ఉంది. తెర మీద ఒకటిన్నర నిమిషం. దానికోసం ఇంకో రోజు కావాలి. దూరం ఎక్కువ కాబట్టి బండికి 4,500, భోజనాలకు 2,250, సౌండ్ మనిషికీ సామానుకీ 3,000, ట్రైపాడ్, గింబల్ 500. మొత్తం 10,250. అంటే బడ్జెట్‌లో దాదాపు నాలుగో వంతు. ఆ మాటలనే ఇంటి డాబా మీదకు మార్చాం. సీన్ పోలేదు, రోజు మిగిలింది.

షూటింగ్: 22,000

భోజనాలు మనిషికి రోజుకు 250 చొప్పున 4,500. బండికి రెండు రోజులకు 5,000. ముగ్గురు ఆర్టిస్టులకు 3,000. రెండు ఎల్ఈడీ లైట్ల అద్దె 1,500, ట్రైపాడ్, గింబల్ 1,000, స్టోరేజ్ 1,000. ఇక సౌండ్‌కి మైకులు, రికార్డర్ అద్దె 2,000, వాటిని చూసుకునే మనిషికి 4,000.

కెమెరాకి సున్నా, సౌండ్‌కి 6 వేలు ఏంటి అనిపించొచ్చు. షాన్ బేకర్ తీసిన 'టాంజరిన్' గుర్తుందా? 2015లో సన్‌డ్యాన్స్‌లో వేసిన ఆ సినిమాను ఐఫోన్ 5ఎస్‌తో తీశారు. అందరూ ఫోన్ గురించే మాట్లాడారు గానీ, మాటలను మాత్రం ప్రొఫెషనల్ సౌండ్ సామానుతోనే రికార్డ్ చేశారు. ఫోన్ బొమ్మ కొంచెం గరుకుగా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు. మాట వినపడకపోతే మాత్రం పక్క వీడియోకి వెళ్లిపోతాడు.

ఆ 6 వేలు ఎక్కడివి? మొదటి లెక్కలో 5 వేలు పెట్టి ఎస్ఎస్డీ కొందామనుకున్నాం. ఎందుకంటే ప్రోరెస్‌లో తీద్దామని ఉబలాటం. ఒక నిమిషం ఫైనల్‌కి ఎనిమిది నిమిషాలు షూట్ చేస్తామనుకుంటే, పది నిమిషాల సినిమాకి 80 నిమిషాల ఫుటేజ్. 4కె 30 ఎఫ్‌పీఎస్‌లో ఐఫోన్ ప్రోరెస్ నిమిషానికి 6 జీబీ దాకా తింటుంది, అంటే 480 జీబీ. అదే హెచ్ఈవీసీలో నిమిషానికి 170 ఎంబీ, మొత్తం 14 జీబీ లోపే. రెండు కాపీలకు రెండు పెన్‌డ్రైవ్‌లు చాలు. యూట్యూబ్‌లో ఫోన్ మీద చూసే సినిమాకి ఆ తేడా కోసం 4 వేలు పెట్టడం కన్నా, ఆ డబ్బుతో సౌండ్ మనిషిని పెట్టుకోవడం మేలనిపించింది.

సెట్టింగ్స్‌లో రెండు విషయాలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఎఫ్‌పీఎస్, షట్టర్ 1/50 లాక్ చేయండి. లేకపోతే ఇంట్లో ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీ బల్బుల కింద బొమ్మ మీద పట్టీలు పాకుతాయి. రెండోది, ఫోన్ మామూలు కెమెరా యాప్‌లో ఫ్రేమ్ రేట్ లోలోపల కాస్త మారుతూ ఉంటుంది. విడిగా రికార్డ్ చేసిన సౌండ్ మొదట్లో పెదాలకు సరిపోయి, టేక్ చివరికి జారిపోతుంది. ఫ్రేమ్ రేట్ స్థిరంగా ఉంచే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్ వాడండి. షూటింగ్‌కి ముందే ఐదు నిమిషాల టేక్ తీసి, మొదట్లో ఒక చప్పట్లు, చివర్లో ఒక చప్పట్లు కొట్టి, రెండూ కలుస్తున్నాయో లేదో చూడండి.

పోస్ట్ ప్రొడక్షన్: 8,000

ఎడిటింగ్, కలర్ డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో మేమే చేసుకున్నాం. సౌండ్ మిక్సింగ్‌కి 4,000, కీబోర్డ్ వాయించే కుర్రాడి దగ్గర సొంత మ్యూజిక్‌కి 3,000, ప్యాచ్ డబ్బింగ్‌కి 1,000. సినిమా పాట ఒకటి వెనకాల పెడితే పని అయిపోతుంది అనుకోకండి. యూట్యూబ్ కంటెంట్ ఐడీ పట్టేస్తుంది. ఆదాయం హక్కుదారుకి పోతుంది, లేదా వీడియోనే బ్లాక్ అవుతుంది.

రిలీజ్: 4,000

పోస్టర్ 1,000, ఫెస్టివల్ ఎంట్రీ ఫీజులు 2,000, టీమ్ కోసం డాబా మీద వేసుకునే షోకి ప్రొజెక్టర్ అద్దె 1,000. యూట్యూబ్‌కి సెన్సార్ సర్టిఫికెట్ అవసరం లేదు. థియేటర్‌లో జనానికి వేయాలంటే మాత్రం కావాలి, అప్పుడు ఈ గంప పెరుగుతుంది.

అనుకోని ఖర్చులు: 3,800

నాలుగు గంపలూ కలిపితే 38,000. అందులో పది శాతం 3,800 పక్కన పెట్టాం. మొత్తం 41,800. ఒక్కటే రూల్: కొత్త ఐడియాలకు ఈ డబ్బు ముట్టకూడదు. అనుకున్న సీన్ అనుకున్నట్టు తీయడానికి అడ్డం వచ్చినప్పుడే తీయాలి.

రెండో రోజు అదే జరిగింది. మేం కళ్లం చూడటానికి సాయంత్రం వెళ్లాం, ప్రశాంతంగా ఉంది. షూటింగ్ పొద్దున. పొలాలకు పగటి కరెంటు రాగానే చుట్టుపక్కల మోటార్లన్నీ ఒకేసారి మొదలయ్యాయి. తండ్రీ కొడుకుల మెయిన్ సీన్ మొత్తం గుయ్‌మనే చప్పుడులో మునిగిపోయింది. సౌండ్ మనిషి హెడ్‌ఫోన్స్ తీసి, "అన్నా, ఇది మిక్సింగ్‌లో పోదు" అన్నాడు. ఆ మాట ఎడిటింగ్ టేబుల్ దగ్గర తెలిసి ఉంటే సినిమా అక్కడే ఆగేది.

మూడో రోజు సాయంత్రం, కరెంటు పోయాక ఒక పూట మళ్లీ తీశాం. బండికి 1,250, భోజనాలకు 900, మైకుల అద్దెకు 500. మొత్తం 2,650. సౌండ్ మనిషి ఆ పూటకి డబ్బు తీసుకోలేదు, అది అతని మంచితనం. మీ లెక్కలో దాన్ని నమ్ముకోకండి. వెలుగు మారిన షాట్లు సరిచేసుకుని మిక్సింగ్‌కి ఇంకో సిట్టింగ్ పట్టింది, 800. కంటింజెన్సీలో మిగిలింది 350.

ఎత్తిపోతల సీన్ ఉంచి ఉంటే ఆ మూడో రోజుకు మా దగ్గర రూపాయి ఉండేది కాదు. ఇప్పుడు లొకేషన్ చూడటానికి వెళ్తే షూటింగ్ చేసే టైమ్‌కే వెళ్తున్నాం. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి, రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా నిలబడతాం. దానికి అయ్యే ఖర్చు పెట్రోల్ 700లోనే ఉంది.