‘పెండింగ్’ అంటే ఎవరి దగ్గర పెండింగ్? ఫిర్యాదు ఆగిన రోజులను మూడు ఖాతాల్లో లెక్కపెడితే ఏం తెలుస్తుంది

వీధిలో డ్రైనేజీ పొంగుతోందని మున్సిపల్ యాప్‌లో ఫిర్యాదు చేశారు. నంబరు వచ్చింది. వారం తర్వాత చూస్తే ‘పెండింగ్’. నెల తర్వాత చూసినా అదే మాట. వార్డు కార్యాలయానికి ఫోన్ చేస్తే ‘ప్రాసెస్‌లో ఉందండీ’ అన్న జవాబే వస్తుంది.

ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ దాంతో మీకు గానీ, ఆ ఆఫీసులో పనులు పర్యవేక్షించే అధికారికి గానీ ఒరిగేదేమీ లేదు. పని ఎందుకు ఆగిందో అందులో లేదు. ఏఈ సెలవులో ఉన్నా ‘పెండింగే’, పైపులు రాకపోయినా ‘పెండింగే’, ఫైలు పై అధికారి బల్లమీద ఉన్నా ‘పెండింగే’. మూడింటికీ మందు వేరు. అందుకే పనుల నిర్వహణ తెలిసినవాళ్లు ‘ఆగింది’ అన్న ఒక్క స్థితిని మూడుగా విడగొట్టి, దేనికెన్ని రోజులు పోయాయో విడివిడిగా రాసుకుంటారు. అదెలాగో చూద్దాం.

ఏమిటా మూడు?

మనిషి కోసం ఆగడం: చేయాల్సింది ఏమిటో తెలుసు. కావాల్సిన అనుమతి ఉంది, సామాను ఉంది. చేయాల్సిన ఉద్యోగి మాత్రం అందుబాటులో లేరు. సెలవు, బదిలీ, ఎన్నికల డ్యూటీ, లేదా చేతిలో మరో పది పనులు.

సరఫరాదారు కోసం ఆగడం: ఆఫీసు తన వంతు పూర్తిచేసింది. వర్క్ ఆర్డర్ ఇచ్చింది. ఇక కాంట్రాక్టరో, పైపుల కంపెనీయో, మరో బయటి ఏజెన్సీయో కదలాలి.

నిర్ణయం కోసం ఆగడం: సమాచారమంతా ఫైల్లో ఉంది. అవునో కాదో, ఇదో అదో తేల్చి సంతకం పెట్టాల్సిన వారు ఇంకా పెట్టలేదు.

ఏ ఖాతాలో వేయాలో తేలకపోతే ఒక ప్రశ్న వేసుకుంటే చాలు: ‘రేపు పొద్దున ఎవరు ఏం చేస్తే ఈ పని కదులుతుంది?’ జవాబు ‘ఫలానా ఉద్యోగి వచ్చి కొలతలు తీస్తే’ అయితే మనిషి. ‘పైపులు దిగితే’ అయితే సరఫరాదారు. ‘ఫలానా అధికారి ఒప్పుకుంటే’ అయితే నిర్ణయం. ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతున్నారంటే పని ఎందుకు ఆగిందో ఆఫీసుకే తెలియదన్నమాట. అలాంటి ఫైలును ముందుగా తెరవాలి.

ఒక ఫిర్యాదు, 60 రోజులు

లెక్క అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక కాలనీలో మురుగు పైపు కుంగిపోయింది. జూన్ 2న ఫిర్యాదు అందింది. ఆగస్టు 1న పని పూర్తయింది. మొత్తం 60 రోజులు.

జూన్ 4న ఏఈ వచ్చి చూశారు. పైపు మార్చాల్సిందేనని తేల్చారు. ఎస్టిమేట్ వేయాలి. కానీ ఆయనకు మరో వార్డు అదనపు బాధ్యత ఉంది. జూన్ 15 వరకు కూర్చోవడానికే కుదరలేదు. కూర్చున్నాక ఒక్కరోజులో ఎస్టిమేట్ అయిపోయింది. అంటే మనిషి కోసం 11 రోజులు, పనికి ఒక రోజు.

జూన్ 16న ఫైలు ఈఈ దగ్గరికి వెళ్లింది. కుంగిన ముక్క ఒక్కటే మార్చాలా, వీధి పొడవునా మార్చాలా అన్నది తేలాలి. 9 రోజుల తర్వాత, అంటే జూన్ 25న, ‘ఈ లైనుకు ఎన్ని ఇళ్ల కనెక్షన్లు ఉన్నాయి?’ అనే కొర్రీతో ఫైలు వెనక్కి వచ్చింది. ఆ క్షణం నుంచి ఆగింది నిర్ణయం కోసం కాదు, మళ్లీ ఏఈ కోసమే. ఆయన ఇళ్లు లెక్కపెట్టి జూన్ 30న పంపారు. అది 5 రోజులు. ఫైలు మళ్లీ పైకి వెళ్లి, జూలై 7న ఆమోదం పొందింది. నిర్ణయానికి ఇంకో 7 రోజులు.

నిర్వహణ పనులకు అప్పటికే ఒప్పందం ఉన్న ఏజెన్సీకి అదే రోజు వర్క్ ఆర్డర్ ఇచ్చారు. పైపులు రాలేదు. జూలై 14న గట్టిగా అడిగితే, పాత పనుల బిల్లు ఆగిపోయిందని, అది వస్తే తప్ప పైపులు కొనలేమని ఏజెన్సీ రాసిచ్చింది. ఆ బిల్లు చూస్తే కొలతల పుస్తకంలో నమోదై, ఆమోదం కోసం ఎదురుచూస్తోంది. జూలై 23న మంజూరైంది. 28న పైపులు దిగాయి. నాలుగు రోజుల్లో పని ముగిసింది.

ఇప్పుడు కూడిక చూడండి.

- నిజంగా పని జరిగింది: 7 రోజులు
- మనిషి కోసం ఆగింది: 16 రోజులు
- సరఫరాదారు కోసం ఆగింది: 12 రోజులు
- నిర్ణయం కోసం ఆగింది: 25 రోజులు

యాప్‌లో మాత్రం 60 రోజులూ ‘పెండింగ్’ ఒక్కటే.

లెక్క తప్పేది ఎక్కడ?

ఈ ఉదాహరణలో అసలు మెలిక జూలై 14 దగ్గర ఉంది. ‘పైపులు రాలేదు’ అన్న మాటతోనే సరిపెట్టుకుని ఉంటే, జూలై 7 నుంచి 28 వరకు మొత్తం 21 రోజులూ కాంట్రాక్టర్ ఖాతాలో పడేవి. నిర్ణయం ఖాతాలో 16 రోజులే మిగిలేవి. అప్పుడు ఆలస్యానికి పెద్ద కారణం కాంట్రాక్టరే అని తేలేది. నోటీసు ఇచ్చేవారు, జరిమానా వేసేవారు. బిల్లు మాత్రం అక్కడే ఉండేది. పైపులు ఇంకా ఆలస్యమయ్యేవి.

కాబట్టి మొదటి జాగ్రత్త: సరఫరాదారు ఖాతాలో రోజులు పెరుగుతుంటే, ‘వాళ్లు మన దగ్గర దేనికోసమైనా ఆగారా?’ అని అడగాలి. పాత బిల్లు, రోడ్డు తవ్వడానికి అనుమతి, స్థలం అప్పగింత లాంటివి ఏవైనా ఆఫీసు వైపే ఉండిపోతే గడియారం ఖాతా మారాలి.

రెండోది, ఖాతా మార్చినప్పుడు వెనక్కి తేదీ వేయకూడదు. బిల్లు సంగతి జూలై 7నే ఉన్నా, ఏజెన్సీ చెప్పింది 14న. ఆ వారం వారి ఖాతాలోనే ఉంటుంది. వెనక్కి మార్చుకునే వీలిస్తే, లెక్క అడిగిన రోజున ప్రతి ఒక్కరూ తమ రోజులను పక్కవారి మీదకు నెడతారు.

మూడోది, కొర్రీ. ఫైలు తిరిగొచ్చిన రోజునే గడియారం మార్చకపోతే ఏఈ తీసుకున్న 5 రోజులు ఈఈ మీద పడతాయి. కొర్రీలు ఎన్నిసార్లు పడ్డాయో కూడా రాసుకోవాలి. ప్రతి ఫైలుకూ ఒకే ప్రశ్న వెనక్కి వస్తుంటే, దాని జవాబును ఎస్టిమేట్ ఫారంలోనే చేర్చేస్తే సరి. మన ఉదాహరణలో ఇళ్ల సంఖ్య ముందే ఉండుంటే కనీసం ఆ 5 రోజులు మిగిలేవి.

అన్ని రోజులూ ఆలస్యమేనా?

కాదు. నియమం ప్రకారం ఇవ్వాల్సిన గడువు ఆగడం కిందికి రాదు. ఉదాహరణకు కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు వర్తించే జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017 ప్రకారం బహిరంగ టెండర్‌లో బిడ్లు వేయడానికి మామూలుగా కనీసం 3 వారాలు ఇవ్వాలి. ఆ మూడు వారాలు పోటీకి అవకాశం ఇచ్చే సమయం. దాన్ని పని కింద లెక్కించాలి. బిడ్లు తెరిచాక ఎవరికివ్వాలో తేల్చకుండా గడిచిన రోజులు మాత్రం నిర్ణయం ఖాతాలోకి వస్తాయి.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఒక్క ఫిర్యాదు చూసి ఆఫీసు మొత్తం మీద తీర్పు చెప్పలేం. పాతిక, ముప్పై పనుల లెక్క పక్కపక్కన పెడితేనే ఏ ఖాతా పదేపదే బరువెక్కుతోందో కనిపిస్తుంది. అక్కడ కూడా సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. తొమ్మిది ఫైళ్లు రెండేసి రోజుల్లో కదిలి, పదోది 82 రోజులు ఆగితే సగటు 10 రోజులని వస్తుంది. నిజానికి పది రోజులు ఆగిన ఫైలు ఒక్కటీ లేదు. అందుకే అన్నిటికన్నా ఎక్కువ రోజులు ఆగిన పనిని విడిగా చూడాలి.

ఇంకో మోసం ‘పరిష్కరించాం’ అని మూసేయడం. పని కాకుండా ఫిర్యాదు మూసేస్తే మీరు మళ్లీ కొత్త నంబరు తీసుకుంటారు, గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. కొత్త ఫిర్యాదులో పాత నంబరు, దాని తేదీ తప్పకుండా రాయండి.

మరి మనమేం చేయాలి?

‘నా ఫిర్యాదు ఎంతవరకు వచ్చింది?’ అని అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది’ అనే వస్తుంది. ప్రశ్న మార్చండి. ‘ఇప్పుడిది ఎవరి కోసం, ఏ తేదీ నుంచి ఆగింది?’ అని అడగండి. జవాబును బట్టి తర్వాతి అడుగు వేయండి.

- మనిషి అయితే: ఆయన లేని సమయంలో ఇన్‌ఛార్జి ఎవరని అడగండి.
- సరఫరాదారు అయితే: వర్క్ ఆర్డర్ తేదీ, అందులో ఇచ్చిన గడువు, పాత బిల్లులేమైనా ఆగాయా అన్నవి అడగండి.
- నిర్ణయం అయితే: ఏ హోదా అధికారి, ఏ విషయం తేల్చాలి అన్నది ఒక్క వాక్యంలో చెప్పమనండి.

నోటిమాటగా చెప్పకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. ‘ఎందుకు ఆలస్యమైంది?’ అని రాయకండి. ఆ చట్టం కింద ఆఫీసు దగ్గర ఉన్న రికార్డే ఇస్తారు, కొత్తగా సంజాయిషీ రాసివ్వరు. దానికి బదులు, మీ ఫిర్యాదు ఫైలు ఏ హోదా అధికారికి ఏ తేదీన అందింది, ఏ తేదీన ముందుకు వెళ్లింది అనే కదలికల వివరాలు, నోట్ ఫైలు నకలు, వర్క్ ఆర్డర్ నకలు అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

ఆ తేదీలు చేతికొచ్చాక ఒక కాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయండి: పని, మనిషి, సరఫరాదారు, నిర్ణయం. ప్రతి రెండు తేదీల మధ్య రోజులను దేనికి చెందితే ఆ గడిలో వేయండి. నాలుగూ కలిపితే మొత్తం రోజులు సరిపోవాలి. సరిపోకపోతే ఆ మిగిలిన రోజుల్లో ఫైలు ఎక్కడుందో రికార్డులో లేదన్నమాట. కాలనీ సంఘం తరఫున కమిషనర్‌కు ఇచ్చే అర్జీలో మొదట అడగాల్సింది ఆ రోజుల సంగతే.