రికార్డింగ్‌లో వినిపించే ఆ బుస ఎక్కడిది?

ఒక హాల్లో ఉపన్యాసం రికార్డు చేస్తున్నారు. మైకు మామూలు డైనమిక్ రకం. వక్త దాన్ని నోటి దగ్గర పెట్టుకోలేదు, ఒక మీటరు దూరంలో నిలబడి తాపీగా మాట్లాడుతున్నాడు. తర్వాత వింటే మాటల వెనక సన్నగా, ఎడతెగకుండా ఒక బుస. వైర్లు మార్చారు, ఎర్తింగ్ చూశారు. గుయ్‌మనే కరెంటు మోత అయితే ఆ వైద్యానికి లొంగేది. బుస లొంగలేదు.

తప్పు వైర్లది కాదు. యాంప్లిఫయర్ ముంగిట్లో కూర్చున్న ఒక రెసిస్టర్‌ది.

ఏ రెసిస్టర్‌లోనైనా ఎలక్ట్రాన్లు నిశ్చలంగా ఉండవు. వేడి వల్ల అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. ఒక క్షణం ఈ కొసన కాస్త ఎక్కువ, మరో క్షణం ఆ కొసన. అందుకే బ్యాటరీ ఏదీ తగిలించకపోయినా రెండు కొసల మధ్య అతి చిన్న వోల్టేజీ పుడుతూ, మారుతూ ఉంటుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ జాన్సన్ దీన్ని జాగ్రత్తగా కొలిచాడు. కార్బన్, లోహపు తీగ, ఆఖరికి ఉప్పునీళ్లు కూడా పరీక్షించాడు. పదార్థం ఏదైనా ఒకటే, లెక్కలోకి వచ్చేది రెసిస్టెన్సు, ఉష్ణోగ్రత మాత్రమే అని తేలింది. హ్యారీ నైక్విస్ట్ దానికి సూత్రం కట్టాడు. ఇద్దరి పత్రాలూ 1928లో అచ్చయ్యాయి. ఇద్దరూ స్వీడన్‌లో పుట్టి అమెరికా వెళ్లినవాళ్లే కావడం ఒక తమాషా.

ఆ సూత్రం ఇది: v = √(4kTRB). ఇందులో k బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం, T కెల్విన్లలో ఉష్ణోగ్రత, R ఓములు, B మనం వింటున్న ఫ్రీక్వెన్సీల వెడల్పు. వచ్చే జవాబు ఆర్.ఎం.ఎస్. వోల్టేజీ. గది వేడిమిలో, అంటే దాదాపు 300 కెల్విన్ దగ్గర, మనిషి చెవికి వినపడే 20 వేల హెర్ట్జ్ వెడల్పులో 200 ఓముల మైకు కాయిల్ సొంతంగా పుట్టించే నాయిస్ 0.26 మైక్రోవోల్టులు.

ఇప్పుడు అసలు సిగ్నల్ సంగతి. ఇలాంటి మైకు ఒక పాస్కల్ శబ్దపీడనానికి సుమారు 2 మిల్లీవోల్టులు ఇస్తుందనుకుందాం. మీటరు దూరం నుంచి వచ్చే మామూలు మాట 60 డెసిబెల్స్, అంటే పాస్కల్‌లో యాభయ్యో వంతు. కాబట్టి మైకు నుంచి వచ్చేది 40 మైక్రోవోల్టులే. కాయిల్ నాయిస్ కంటే ఇది 150 రెట్లకు పైనే ఉంది. ఇంతవరకు ఇబ్బంది లేదు.

గొడవ తర్వాతి మెట్టులో మొదలవుతుంది. సిగ్నల్‌ను వంద రెట్లు పెంచాలని ఎవరో ఇన్‌పుట్ దారిలో లక్ష ఓములు, ఫీడ్‌బ్యాక్‌లో కోటి ఓములు వేశారు. నిష్పత్తి వందే, లెక్క సరిపోయింది. కానీ ఆ లక్ష ఓములు ఒక్కటే 5.8 మైక్రోవోల్టుల నాయిస్ పుట్టిస్తుంది. 40కి దాదాపు 6, అంటే మాట బుసకన్నా ఏడు రెట్లే పెద్దది. యాంప్లిఫయర్ గెయిన్ పెంచి ప్రయోజనం లేదు. ఇద్దరినీ ఒకే బల్ల మీద నిలబెట్టినట్టు, సిగ్నల్ ఎంత లేస్తే నాయిస్ అంతే లేస్తుంది.

అదే వంద రెట్లను వెయ్యి ఓములు, లక్ష ఓములతో తెచ్చుకోవచ్చు. మైకు సొంత 200 ఓములు కలవడం వల్ల గెయిన్ 83కు తగ్గుతుంది గానీ, ఇన్‌పుట్ దగ్గర రెసిస్టర్ల నాయిస్ 0.63 మైక్రోవోల్టులకు దిగుతుంది. ఇంకా తగ్గిద్దామా? అక్కడ మరో హద్దు ఎదురవుతుంది. ఆడియో పనిలో బాగా వాడే NE5532 చిప్‌కి కూడా తనదంటూ సుమారు 0.7 మైక్రోవోల్టుల నాయిస్ ఉంది. ఇక రెసిస్టర్‌ను ఎంత చిన్నది చేసినా ఆ చిప్పే అడ్డం. పైగా మరీ చిన్న రెసిస్టర్ మైకు మీద భారం వేసి సిగ్నల్‌నే తినేస్తుంది.

ఖరీదైన రెసిస్టర్ కొంటే బుస పోతుందని నమ్మేవాళ్లున్నారు. సగమే నిజం. పాత కార్బన్ రకాల్లో డీసీ కరెంటు పారినప్పుడు అదనపు నాయిస్ పుడుతుంది. మెటల్ ఫిల్మ్‌లో అది చాలా తక్కువ. కానీ వేడి వల్ల పుట్టే వాటా, ఓములు సమానమైతే, రెండింటిలోనూ సమానమే. చల్లబరచడమూ పెద్దగా కలిసిరాదు. ద్రవ నైట్రోజన్‌లో, 77 కెల్విన్ దగ్గర ముంచినా వర్గమూలం వల్ల నాయిస్ సగానికే తగ్గుతుంది.

దోషి ఎవరో తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. మైకు తీసేసి, దాని స్థానంలో 200 ఓముల రెసిస్టర్ పెట్టి వినాలి. తర్వాత దాన్ని కూడా తీసి ఇన్‌పుట్‌ను షార్ట్ చేయాలి. బుసలో తేడా లేకపోతే అది పెట్టెలోపలి సంగతి, ముందు చూడాల్సింది ఇన్‌పుట్ రెసిస్టరే. స్పష్టంగా తగ్గితే యాంప్లిఫయర్ బాగానే ఉన్నట్టు. అప్పుడు మిగిలిన దారి వెడల్పు తగ్గించడం. మాటలకు టెలిఫోన్‌లో లాగా 300 నుంచి 3,400 హెర్ట్జ్ చాలనుకుంటే నాయిస్ దాదాపు 40 శాతానికి దిగుతుంది. పాటకైతే ఆ బేరం కుదరదు. మైకును వక్త దగ్గరికి జరపాల్సిందే.