ముందు పక్కిళ్లు గీయండి

మన పట్టణాల్లో ఇప్పుడు పునాది తీయకముందే ఇంటి బొమ్మ వచ్చేస్తోంది. త్రీడీ ఎలివేషన్ అంటారు. కంప్యూటర్లో ఇంటిని కట్టి, రంగులు, వెలుగునీడలు పెట్టి, అచ్చం ఫొటోలా తీసిన చిత్రం. అరెకరంలో విడిగా కట్టే ఇంటికి ఇది సులువైన పని. ఇబ్బందల్లా ఇరుకు స్థలంలో, రెండు పక్కలా ఇళ్లు ఆనుకుని ఉండే చోట వస్తుంది. అలాంటి ఇంటిని కూడా చాలామంది మూలస్థలంలో కట్టిన బంగళాలా చూపిస్తారు. ఇల్లు పూర్తయ్యాక యజమాని వీధిలో నిలబడి చూస్తే బొమ్మలో ఉన్నది ఎక్కడా కనిపించదు.

లెక్క కోసం ఒక ఇంటిని తీసుకుందాం. హైదరాబాదులో ఒక పాత బస్తీ. అరవై గజాల స్థలం, 15 అడుగుల వెడల్పు, 36 అడుగుల లోతు, తూర్పు ముఖం. ముందు 20 అడుగుల రోడ్డు. గేటుకూ ఇంటికీ మధ్య 5 అడుగుల ఖాళీ. ఇల్లు రోడ్డుకు 2 అడుగులు ఎత్తున మొదలై, పది అడుగుల చొప్పున మూడు అంతస్తులు లేచి, పైన 3 అడుగుల పిట్టగోడతో 35 అడుగుల దగ్గర ఆగుతుంది. ఎడమ పక్కన ఒకే అంతస్తున్న పాత డాబా, పిట్టగోడతో కలిపి 14 అడుగులు. కుడి పక్కన మనంత ఎత్తు ఇల్లే. ఎదురింటిదీ అదే ఎత్తు.

మొదట తేల్చుకోవాల్సింది కెమెరా ఎక్కడ నిలబడుతుందో. ఎదురింటి ప్రహరీకి వీపు ఆనించి నిలబడితే మన ఇంటి ముఖం సుమారు 24 అడుగుల దూరంలో ఉంటుంది. అంతకన్నా వెనక్కి జరగడానికి చోటు లేదు. కంటి ఎత్తు ఐదుంబావు అడుగులు. అక్కడి నుంచి 35 అడుగుల ఇల్లు ఫ్రేములో పట్టాలంటే కెమెరాను పైకెత్తాలి. ఎత్తితే నిలువు గోడలు పైన ఒకదానివైపు ఒకటి వాలిపోతాయి. అందుకే కెమెరాను నిటారుగా ఉంచి, చిత్రాన్ని మాత్రం పైకి జరుపుతారు. స్కెచప్‌లో Camera మెనూలో Two-Point Perspective ఉన్నది ఈ పనికే. 24 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి నిలువు చిత్రం తీస్తే ఇల్లు పైనుంచి కిందిదాకా సరిగ్గా పడుతుంది. అడ్డంగా 24 అడుగుల మేర కనిపిస్తుంది. అంటే మన 15 అడుగులు, రెండు పక్కలా పక్కిళ్లవి నాలుగున్నర అడుగుల చొప్పున. ఆ వీధిలో నిలబడిన మనిషికి దొరికే దృశ్యం ఇంచుమించు ఇదే.

కానీ సాధారణంగా జరిగేది వేరు. కంప్యూటర్లో ఎదురిల్లు ఉండదు కాబట్టి కెమెరాను హాయిగా 60 అడుగుల వెనక్కి లాగుతారు. ఇల్లు అందంగా, తీరుగా కనిపిస్తుంది. ఇరవై అడుగుల రోడ్డు మాత్రం అరవై అడుగుల రోడ్డులా తయారవుతుంది. దాంతోపాటు వెలుగు కూడా అబద్ధమవుతుంది. మార్చి మూడో వారంలో హైదరాబాదులో ఉదయం ఎనిమిదిన్నరకు సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. రెండు ఇళ్ల ముఖాల మధ్య దూరం 30 అడుగులు. ఎదురింటి నీడ మన గోడ మీద సుమారు 17 అడుగుల దాకా పడుతుంది. గేటు, తలుపు, మొదటి అంతస్తులో సగం నీడలోనే ఉంటాయన్నమాట. బొమ్మలో ఉదయపు ఎండ గడప దాకా పరుచుకుని ఉందంటే ఎదురిల్లు మాయమైందని అర్థం. కెమెరాకు అడ్డం రాకుండా ఎదురింటిని దాచవచ్చు, అందులో తప్పు లేదు. దాని నీడను మాత్రం ఉంచాలి. రెండర్ చేసే సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో ఆ వీలుంది.

ఇక గోడలు. ఆనుకుని ఉన్న ఇళ్లలో రెండు రకాలు. ఒకే గోడను ఇద్దరూ పంచుకుంటే అది ఉమ్మడి గోడ. తొమ్మిది అంగుళాల గోడలో హద్దుకు ఇటు నాలుగున్నర, అటు నాలుగున్నర. రెండు పక్కలా ఇలా ఉంటే లోపల మిగిలేది 14 అడుగుల 3 అంగుళాలు. ఎవరి గోడ వారు కట్టుకుంటే, మన ఇంట్లోలాగా, మిగిలేది పదమూడున్నర అడుగులే. ఈ తేడా బొమ్మలో చిన్నదనిపిస్తుంది కానీ మూడడుగుల మెట్లు తీసేశాక గదిలో మంచం పక్కన నడిచే దారి పోయేది ఇక్కడే.

ఎవరి గోడ వారిదైనప్పుడు వాటి మధ్య అంగుళమో రెండంగుళాలో సందు ఉంటుంది. ముందునుంచి అది సన్నటి నల్ల గీతలా కనిపిస్తుంది. దాన్ని గీయకపోతే రెండిళ్లూ ఒకే భవనంలా అతుక్కుపోతాయి. మూడడుగులు వదిలి అక్కడ మొక్కలు పెట్టేస్తే అసలు స్థలమే మారిపోతుంది. రెండు గోడలను కంప్యూటర్లో సరిగ్గా ఒకే తలం మీద పెడితే చిత్రంలో చారలు మెరుస్తాయి. అంగుళం ఎడం ఇస్తే అదీ పోతుంది, నిజానికీ దగ్గరవుతుంది.

పక్క గోడ అసలు సంగతి ఏటవాలు దృశ్యంలో తేలుతుంది. రోడ్డుకు అవతలి అంచునే ఎడమకు 24 అడుగులు జరిగి చూడండి. డాబా మీదుగా మన ఎడమ గోడ కనిపిస్తుంది. ముందు అంచు దగ్గర 14 అడుగుల నుంచి పైకి కనిపించే గోడ, వెనక్కి పోయేకొద్దీ డాబా పిట్టగోడ చాటుకు వెళ్లి, వెనక మూలలో 25 అడుగుల పైన మాత్రమే కనిపిస్తుంది. పైన వెడల్పు, కింద కోసుగా ఉండే ముక్క అది. హద్దు మీది గోడ కనుక దానికి కిటికీలు ఉండవు. సన్‌షేడ్ అటు పొడుచుకు రాదు. ముందుభాగానికి అంటించిన టైల్స్ ఆ మూల దగ్గరే ఆగిపోతాయి, తిరిగి పక్కకు రావు. చాలా ఇళ్లకు ఆ గోడ ప్లాస్టరింగే జరగదు. సారువ కట్టాలంటే పక్కవాళ్ల డాబా మీదికి ఎక్కాలి, వాళ్లు ఒప్పుకోవాలి. నన్నడిగితే బొమ్మలో అన్నిటికన్నా నిజం చెప్పాల్సిన భాగం ఇదే. ఎక్కువమంది కిటికీలు పెట్టి, రాతి పలకలు అంటించి వదిలేసేదీ ఇక్కడే.

కొలత సరిగ్గా ఉందా లేదా అన్నది యజమాని కూడా పట్టుకోవచ్చు. అడుగుకు రెండడుగుల టైల్స్‌ను అడ్డంగా వేస్తే 15 అడుగుల ముఖానికి ఏడున్నర పట్టాలి. బొమ్మలో లెక్కపెట్టి నాలుగే ఉన్నాయంటే టైల్ పెద్దదైంది, లేదా ఇల్లు కుంచించుకుపోయింది. గేటు పక్కన మోటారుసైకిల్ నిలిపి ఉంటే దాని పొడవు ఆరున్నర అడుగుల చిల్లర. ఇంటి వెడల్పులో అటువంటివి రెండు, ఇంకొంచెం పట్టాలి. పాత డాబా అరుగు రోడ్డు కన్నా పెద్ద ఎత్తు ఉండదు, ఎందుకంటే వేసిన రోడ్డు మీదే రోడ్డు వేసి ఏళ్లుగా పెంచుకుంటూ పోయారు. పక్కింటి స్లాబు గీతా మన స్లాబు గీతా ఒకే వరుసలో కలిశాయంటే, పక్కింటిని కొలవకుండా మన ఇంటినే కాపీ చేసి పెట్టారని అనుమానించాలి.

ఇంకొక్కటి అడిగి తీసుకోవాలి. ఎడమవైపు డాబా ఇప్పటికి 14 అడుగులే. రేపు వాళ్లూ రెండంతస్తులు లేపుతారు. డాబాను 35 అడుగులు చేసి రెండో చిత్రం తీయించండి. ఎడమ గోడ మొత్తం మూసుకుపోతుంది. పై గదికి వెలుతురు ఆ పక్కనుంచే వస్తుందనుకుని ప్లాన్ గీసి ఉంటే ఆ లోటు అప్పుడే తెలుస్తుంది. మెట్ల పక్కన ఆకాశానికి తెరిచిన డక్టు కోసం నాలుగడుగులు వదలాలో వద్దో, స్లాబు పోయకముందే తేల్చుకోవచ్చు.