తోసే భుజానికి లాగే కసరత్తు

చేతులతో వీల్‌చైర్ నడిపేవారి భుజాలకు కసరత్తు రోజూ అవుతూనే ఉంటుంది, కానీ అది ఒకవైపే. చక్రాన్ని తోసిన ప్రతిసారీ ఛాతీ కండరాలు, భుజం ముందుభాగం పనిచేస్తాయి. రెక్క ఎముకలను వెనక్కి లాగి పట్టే వీపు కండరాలకు అంత పని ఉండదు. ముందువి బిగుసుకుని, వెనకవి బలహీనపడితే భుజాలు ముందుకు వంగిపోతాయి. అప్పుడు కీలును పట్టి ఉంచే రొటేటర్ కఫ్ స్నాయువులు పైన ఉన్న ఎముక కింద ఒరుసుకుని నొప్పి పుడుతుంది. అందుకే ఇక్కడ తోపుడు, లాగుడు సమానంగా చేయడం సరిపోదు. ఒక తోపుడు వ్యాయామానికి రెండు లాగుడు వ్యాయామాలు ఉండాలి.

నడుము కింద చచ్చుబడినా చేతులు, ఛాతీ బాగా పనిచేసే వ్యక్తికి వారానికి రెండు రోజులు చాలు, సోమ, గురువారాలనుకుందాం. ముందు ఐదు నిమిషాలు చేతులు నెమ్మదిగా ఆడించాలి. బ్యాండ్ లాగేటప్పుడు కుర్చీయే కదలకుండా రెండు బ్రేకులూ వేయాలి.

మొదటిది రోయింగ్. రబ్బరు బ్యాండును గట్టి కిటికీ ఊచకు ఛాతీ ఎత్తులో కట్టి, దానికి ఎదురుగా కూర్చుని, మోచేతులు పక్కటెముకలను రాసుకుంటూ వెనక్కి వచ్చేలా లాగాలి. ముందు రెక్క ఎముకలు దగ్గరికి రావాలి, ఆ తర్వాతే చేతులు కదలాలి. భుజాలు చెవులవైపు లేస్తున్నాయంటే బ్యాండు మరీ బిగువైనదని అర్థం. పదేసి చొప్పున మూడు సెట్లు చేయాలి.

రెండోది చిన్నదే అయినా అన్నిటికన్నా ముఖ్యమైనది. మోచేతికీ ఒంటికీ మధ్య చుట్టిన తువ్వాలు పెట్టి, మోచేతిని తొంభై డిగ్రీలు మడిచి, పలుచని బ్యాండును బయటివైపుకు లాగాలి. తువ్వాలు జారిపడితే మోచేయి ఒంటిని వదిలేసినట్టే. పదిహేనేసి చొప్పున మూడు సెట్లు నెమ్మదిగా చేయాలి.

తోపుడుకు ఒక్క ఛాతీ ప్రెస్ చాలు. బ్యాండును వీపు వెనక నుంచి తీసుకుని, చేతులు భుజాల ఎత్తు దాటకుండా ముందుకు చాచాలి. తలపైకి బరువులెత్తడం, కుర్చీ చేతులు పట్టుకుని డిప్స్ కొట్టడం ఈ ప్రణాళికలో లేవు. చివర్లో ఛాతీ కండరాలను సాగదీయాలి. మోచేతిని తలుపు చట్టానికి ఆనించి ఒంటిని కొద్దిగా అవతలికి తిప్పి అరనిమిషం ఆగితే చాలు.

వరుసగా రెండుసార్లు అన్ని సెట్లూ సులువుగా పూర్తయితేనే ఒక మెట్టు బిగువైన బ్యాండుకు మారాలి. కండరం అలసి నొప్పెట్టడం వేరు. భుజం ముందు గానీ పైన గానీ సూదిగా పొడవడం, ఆ పక్కకు తిరిగి పడుకుంటే రాత్రి నిద్ర పట్టకపోవడం వేరు. ఈ రెండోది కనిపిస్తే ఛాతీ ప్రెస్ ఆపి, ఏటవాలు దారులను, అవసరం లేని కుర్చీ మార్పులను తగ్గించి, ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి. కుర్చీని కూడా చూపించాలి. చక్రం మరీ వెనక ఉంటే ఎంత కసరత్తు చేసినా ప్రతి తోపుకూ భుజం మీద భారం ఎక్కువే పడుతుంది.