ముప్పై వేలలో చేతికొచ్చేదెంత?

ఆదోనిలో ఉద్యాన్ ఎక్కి బెంగళూరులో మొదటి జాబ్‌కి వెళ్లేవాళ్లు ముందు ఈ లెక్క చూస్కోండి. ఆఫర్ లెటర్‌లో ఏడాదికి 3,60,000 అని ఉంటే నెలకి 30,000 చేతికి రాదు. బేసిక్ 15,000 అనుకుంటే, అందులో 12 శాతం, అంటే 1,800 మన పీఎఫ్‌కి పోతుంది. కంపెనీ వేసే ఇంకో 1,800 కూడా మామూలుగా సీటీసీలోనే కలిపి చూపిస్తారు! గ్రాట్యుటీ 720, ప్రొఫెషనల్ టాక్స్ 200 తీసేస్తే మిగిలేది 25,480.

తిండితో కలిపి పీజీకి 9,000, బస్సుకీ ఫోన్‌కీ మధ్యాహ్నం క్యాంటీన్‌కీ 6,000 అనుకుందాం. నెలకి పది వేలు మిగుల్తాయి. కానీ మొదటి జీతం పడేది నెలాఖరుకే. అందాకా అద్దె, అంతే అడ్వాన్సు, ఖర్చులు కలిపి 24,000 ఇంటినుంచే తీసుకెళ్లాలి. నెల మధ్యలో చేరితే కొన్ని కంపెనీల్లో జీతం మరుసటి నెలకి పోతుంది, అప్పుడు ఇంకో 15,000 కావాలి. ఈ సంగతి హెచ్ఆర్‌ని ముందే అడగొచ్చు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారో పీజీవాళ్లని కూడా.