నమస్కారానికి చప్పుడుండదు

"నేనెవరో చెప్పుకోండి చూద్దాం!"

మొన్న మా ఇంట్లో గృహప్రవేశానికి వచ్చిన చుట్టాల్లో నలుగురైదుగురు మా పెదనాన్న చేతులు పట్టుకుని ఇదే మాట అన్నారు. ప్రేమతోనే అన్నారు. ఆయనకు నీటికాసుల జబ్బుతో చూపు చాలావరకు పోయింది. సన్నాయి, డోలు మోగుతున్నాయి, పిల్లలు అరుస్తున్నారు. ఆ రొదలో ఎప్పుడో మూడేళ్ల కిందట విన్న గొంతును గుర్తుపట్టాలి. పట్టలేకపోతే "అప్పుడే మర్చిపోయారా" అనే నిష్ఠూరం. ఆయన నవ్వుతూనే ఉన్నారు గానీ ప్రతిసారీ ఆ ముఖంలో పరీక్ష రాస్తున్న పిల్లవాడి కంగారు కనిపించింది నాకు.

చూపు లేనివాళ్లను పలకరించేటప్పుడు ముందు చెప్పాల్సింది మన పేరు. "పెదనాన్నగారూ, నేను తెనాలి సుబ్బారావు గారి రెండో అమ్మాయిని, బాగున్నారా?" అంటే చాలు, ఆయన చటుక్కున కబుర్లలో పడిపోతారు. రోజూ కలిసేవాళ్లయినా సరే, జనం మధ్య పేరు చెప్పడమే మంచిది. ఇంకొక సంగతి. మన నమస్కారానికి చప్పుడుండదు. ఎదురుగా నిలబడి చేతులు జోడించి, ఆయన పలకలేదని చిన్నబుచ్చుకుని వెళ్లినవాళ్లు ఆ రోజు ఇద్దరున్నారు. చేతులు జోడిస్తూ "నమస్కారమండీ" అని పైకి అనాలి. కరచాలనం చేయాలనుకుంటే "చేయి ఇవ్వండి" అని చెప్పాకే చేయి అందుకోవాలి. చెప్పకుండా ఎవరో చేయి లాగితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది.

ఆ ఇద్దరిలో ఒకాయన నాతో, "పొద్దున పేపరు చదువుతుంటే చూశానమ్మా, కనిపించకేం, బాగానే కనిపిస్తుంది" అన్నారు. ఆయన చూసిందీ నిజమే, పెదనాన్నకు ఆయన కనిపించకపోవడమూ నిజమే. నీటికాసుల్లో సాధారణంగా ముందు పక్క చూపు పోతుంది. నడిమి చూపు చివరిదాకా కొంత మిగిలి ఉండవచ్చు. గొట్టంలోంచి చూస్తున్నట్టన్నమాట. చేతిలోని పేపరు మీద అక్షరాలు ఆ గొట్టంలో పడతాయి, పక్కన నిలబడ్డ మనిషి పడడు. రేచీకటితో మొదలయ్యే కొన్ని రెటీనా జబ్బుల్లోనూ ఇంతే. చూపు సమస్య అంటే కళ్ల ముందు చీకటి ఒక్కటే అనుకోవడం వల్ల ఇలాంటి వాళ్లకు 'పొగరు' అని పేరొస్తుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

భోజనాల దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు ఒక కుర్రాడు సాయం చేద్దామని వెనకనుంచి భుజాలు పట్టి ఆయన్ని నెట్టుకుంటూ పోయాడు. ముందు ఏముందో తెలియకుండా నెట్టించుకోవడం ఎంత భయమో మనం కళ్లు మూసుకుని నాలుగడుగులు వేస్తే తెలుస్తుంది. "నా చేయి పట్టుకుంటారా?" అని అడగాలి. సరేనంటే మన చేతిని ఆయన చేతికి తాకిస్తే ఆయనే మోచేతికి కాస్త పైన పట్టుకుంటారు. మనం అర అడుగు ముందు నడిస్తే మన ఒంటి కదలికను బట్టే మలుపులు ఆయనకు తెలిసిపోతాయి. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎక్కాలో దిగాలో చెప్పాలి. కుర్చీ దగ్గర ఆయన చేతిని కుర్చీ వీపు మీద ఉంచితే, తనే కూర్చుంటారు. "చూశారా", "చూద్దాం" లాంటి మాటలు నోట్లోంచి వస్తే నాలుక కరుచుకోనక్కర్లేదు. పెదనాన్న కూడా "రాత్రి టీవీలో సినిమా చూశాను" అనే అంటారు.

మా పిన్నిది వేరే ఇబ్బంది. వయసుతో వినికిడి తగ్గి రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంది. ఆమెను చూడగానే అందరూ గొంతు పెంచుతారు. వయసుతో వచ్చే చెవుడులో సాధారణంగా ముందు పోయేది సన్నని ధ్వనులు వినే శక్తి. స, ష, త, క లాంటి హల్లులను ఒకదాన్నుంచి ఒకటి విడదీసి చెప్పేవి ఆ ధ్వనులే. అచ్చులు మాత్రం బాగానే వినిపిస్తుంటాయి. అందుకే పిన్ని ఎప్పుడూ "మాట వినపడుతోందే, ఏం మాటో తెలియట్లేదు" అంటుంది. మనం అరిచినప్పుడు పెరిగేది ఎక్కువగా అచ్చుల మోతే, హల్లులు అందులో మునిగిపోతాయి. పైగా ఇలాంటి చెవులకు మెల్లని శబ్దం అందదు గానీ, కొంచెం పెద్దదైతే నొప్పి పుట్టేంతగా మోగుతుంది. మనం అరిస్తే ఆమె ముఖం చిట్లించేది అందుకే.

ఆ రోజు ఒకమ్మాయి పాట పాడాక "పాట బాగుందా పిన్నీ?" అని అడిగాను. "ఏం మాటే?" అంది. అద్దం ముందు గొంతు లేకుండా 'పాట, బాట, మాట' అని చూడండి, పెదవులు మూడింటికీ ఒకేలా కదులుతాయి. క, గ లాంటివైతే నోటి వెనక పుడతాయి కాబట్టి పెదవుల మీద దాదాపు కనిపించవు. పెదవులు చూసి మాట పట్టుకునేవాళ్లు సగం ఊహించుకోవాల్సిందే. కాబట్టి అదే మాటను మూడోసారి అరవకుండా మార్చి చెప్పాలి. "ఇప్పుడు ఆ అమ్మాయి పాడింది కదా, నచ్చిందా?" అనగానే పిన్ని తల ఊపి, రాగం గురించి చెప్పడం మొదలుపెట్టింది. డోలుకు దూరంగా, రెండు మూడు అడుగుల్లో, వెలుతురు మన ముఖం మీద పడేలా నిలబడి మామూలుగా మాట్లాడితే చాలు. కిటికీకి వీపు పెడితే మన ముఖం నీడలో పడుతుంది. చేయి నోటికి అడ్డం రాకూడదు. అన్నిటికంటే ఆమెను నొప్పించేది "ఏం లేదులే పిన్నీ" అనే మాట. ఏమీ లేనిదానికి అందరూ ఎందుకు నవ్వారో ఆమెకు ఎవరూ చెప్పరు.

మా చెల్లెలి కొడుక్కి పుట్టుక నుంచే వినపడదు, సైగల భాషలో మాట్లాడతాడు. వాణ్ణి వెనకనుంచి పిలిచి లాభం లేదు. కళ్లకు కనిపించేలా చేయి ఊపవచ్చు, దగ్గరుంటే భుజం మీద మెల్లగా తట్టవచ్చు, గదిలో ఉంటే లైటు ఒకసారి ఆర్పి వేయవచ్చు. చేతులు జోడిస్తే చాలు, పలకరింపు పూర్తయినట్టే. చాలామంది వాణ్ణి వదిలేసి తల్లిని అడుగుతారు, "వాడేం చదువుతున్నాడు?" అని. వాడి పక్కనే నిలబడి. తల్లి సైగలతో చెబుతున్నా సరే, మన చూపూ ప్రశ్నా వాడి వైపే ఉండాలి. 'మూగ' అనే మాట కూడా తప్పు. వాడి గొంతుకు ఏ లోపమూ లేదు, వాడికి ఒక భాషా ఉంది. 2015లో ఢిల్లీలో పెట్టిన భారతీయ సైగల భాషా కేంద్రం ఆ తర్వాత తెచ్చిన నిఘంటువులో పదివేల పదాలున్నాయి. వాటి వీడియోలు ఎవరైనా చూసి నేర్చుకోవచ్చు.

సాయంత్రం చుట్టాలు వెళ్లిపోతున్నారు. పెదనాన్న పక్కన కూర్చున్న బాబాయి ఎవరో పిలిస్తే లేచి వెళ్లాడు, చెప్పలేదు. ఖాళీ కుర్చీకి పెదనాన్న పొలం సంగతి చెబుతూనే ఉన్నారు. దూరం నుంచి చూసి మా చెల్లెలి కొడుకు గబగబా వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. వీడికి ఆయన మాట వినపడదు, ఆయనకు వీడి సైగ కనపడదు. వాడు ఆయన అరచేయి తన ఒళ్లోకి తీసుకుని చూపుడువేలితో తన పేరులోని మొదటి అక్షరం రాశాడు. పెదనాన్న "ఓరి, నువ్వట్రా" అన్నారు. వెంటనే గుర్తొచ్చినట్టుంది, మాట ఆపి, వాడి వైపు తిరిగి చేతులు జోడించారు.